గ్రాస్ 20,000 అయితే కంపెనీకి ఎంత పడుతుంది? నా లెక్క ఒకటి, పాత షీట్ లెక్క ఇంకొకటి

పీణ్యా_పద్దులు
పేరోల్ చూసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, రెండు రోజులుగా ఇదే టెన్షన్. పీణ్యాలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో అకౌంట్స్‌లో చేరి నెలన్నర అయింది. మొత్తం 28 మంది. మూడేళ్లుగా ప్యాకింగ్‌లో ఉన్న అబ్బాయిని సూపర్‌వైజర్ చేస్తున్నారు, గ్రాస్ 20,000. ఓనరు ఒక క్లయింట్‌కు ఏడాది కొటేషన్ ఇవ్వాలి. "ఈ ఒక్క మనిషికి నెలకు మన జేబులోంచి ఎంత పోతుందో చెప్పమ్మా" అన్నారు.

బేసిక్ 10,000, హెచ్‌ఆర్‌ఏ 5,000, స్పెషల్ అలవెన్స్ 5,000. నేను బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ వేశాను, 1,200. గ్రాస్ మీద 3.25 శాతం ఈఎస్‌ఐ, 650. మొత్తం 21,850. నాకు ముందున్న అకౌంటెంట్ వదిలి వెళ్లిన ఎక్సెల్ షీట్‌లో అదే మనిషిని వేస్తే 22,992 వస్తోంది. తేడా 1,142 రూపాయలు. ఓనరు నా వైపు చూస్తున్నారు, నేను షీట్ వైపు చూస్తున్నాను.

కోరమంగళ_కోడర్
నీ లెక్కే కరెక్ట్. పీఎఫ్ బేసిక్ మీదే కదా. పాతాయన ఏదో సేఫ్టీకి ఎక్కువ వేసుకుని ఉంటాడు.

మెస్_బాబాయ్_మడివాళ
రెండూ తప్పే. నా మెస్‌లో 22 మంది, నెలనెలా నేనే కడతాను, నాకు తెలుసు. చలాన్‌లో పీఎఫ్ 25 శాతం పోతుంది. ఈఎస్‌ఐ 4 శాతం. 15,000 మీద 25 అంటే 3,750, 20,000 మీద 4 అంటే 800. మొత్తం 4,550. మీ మనిషి 24,550 పడతాడు. మీ ఓనరుకు ఇదే చెప్పు, తర్వాత తిట్లు తినకు.

పీణ్యా_పద్దులు
బాబాయ్, మీరు మూడో నంబరు తెచ్చారు. బతికానా ఇక.

జీతాల_మాస్టారు
పద్దులమ్మా, ఆ పాత షీట్‌లో పీఎఫ్ గడి మీద క్లిక్ చేసి ఫార్ములా ఏముందో ఇక్కడ పెట్టు. ఈఎస్‌ఐ గడి కూడా. దాన్ని చూడకుండా ఎవరం ఏం చెప్పినా గాలిలో మాటే.

పీణ్యా_పద్దులు
ఇదిగో. B2 గ్రాస్, C2 హెచ్‌ఆర్‌ఏ.

```
=MIN(B2-C2,15000)*13.61%
=IF(B2<=21000,B2*4.75%,0)
```

జీతాల_మాస్టారు
అనుకున్నాను. ఈ 13.61 చూస్తే పాత స్నేహితుడు ఎదురైనట్టుంది.

ఆ అకౌంటెంట్ పనివాడే, కాకపోతే షీట్‌ను అలాగే వదిలేశాడు. 13.61 ఒకప్పటి రేటు. యజమాని పీఎఫ్ 12, నిర్వహణ చార్జీ 1.10, ఈడీఎల్‌ఐ బీమా 0.50, ఆ బీమాకు మళ్లీ నిర్వహణ 0.01. ఆ నిర్వహణ చార్జీ మెట్లు దిగుతూ వచ్చి 2018 జూన్ నుంచి 0.50 దగ్గర ఆగింది. 0.01 ని 2017లోనే ఎత్తేశారు. కాబట్టి ఇప్పుడు 12 ప్లస్ 0.50 ప్లస్ 0.50, మొత్తం 13. ఈఎస్‌ఐలో యజమాని వాటా 4.75 నుంచి 3.25కి తగ్గింది 2019 జూలైలో. అంటే ఆ షీట్‌లో రేట్లను ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు.

కానీ రేటు కాకుండా దేని మీద వేశాడో చూడు. గ్రాస్‌లోంచి హెచ్‌ఆర్‌ఏ తీసేసి, 15,000 దగ్గర ఆపాడు. అది సరైన పద్ధతి. నువ్వు బేసిక్ ఒక్కదాని మీద వేశావు. ఆయన రేటు పాతది, పునాది సరైనది. నీ రేటు కొత్తది, పునాది తప్పు. పైగా నువ్వు ఈడీఎల్‌ఐ, నిర్వహణ రెండూ మర్చిపోయావు.

కోరమంగళ_కోడర్
స్పెషల్ అలవెన్స్ మీద పీఎఫ్ ఎందుకండీ? నా పే స్లిప్‌లో స్పెషల్ అలవెన్స్ 30 వేలు ఉంది, దాని మీద రూపాయి కూడా పీఎఫ్ లేదు. అంతా లీగలే అని మా హెచ్‌ఆర్ చెప్పింది.

జీతాల_మాస్టారు
నీ బేసిక్ ఎంత బాబూ?

కోరమంగళ_కోడర్
40 వేలు.

జీతాల_మాస్టారు
అదీ సంగతి. నీ బేసిక్ ఒక్కటే 15,000 పరిమితిని దాటేసింది. నీకు స్పెషల్ అలవెన్స్ కలిపినా కలపకపోయినా చట్టం అడిగే కనీసం 1,800 రూపాయలే. ఆ గొడవ నీ దాకా రాదు. 15,000 కంటే తక్కువ బేసిక్ ఉన్నవాళ్ల దగ్గరే వస్తుంది.

2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అందరికీ ఒకేలా, నెలనెలా, పనితో సంబంధం లేకుండా ఇచ్చే అలవెన్స్‌కు ఏ పేరు పెట్టినా అది మూలవేతనంలో భాగమే. ఎక్కువ పని చేసినందుకు ఇచ్చే ప్రోత్సాహకం వేరు. ఓవర్‌టైమ్ వేరు. హెచ్‌ఆర్‌ఏను చట్టమే బయట పెట్టింది. పద్దులమ్మ దగ్గర స్పెషల్ అలవెన్స్ అందరికీ ఇస్తున్నదే కదా? అయితే 10,000 ప్లస్ 5,000, పీఎఫ్ వేతనం 15,000.

పీణ్యా_పద్దులు
అందరికీ ఇస్తున్నదే. ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా ఎవరికీ తెలీదు.

రాజాజీనగర్_రాణి
పేరు ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు, చెప్పరంతే 😄

ఇంకో సంగతి. బెంగళూరులో సూపర్‌వైజర్‌కు బేసిక్, కరువు భత్యం వీడీఏ కలిపి 10,000 చూపిస్తే కనీస వేతనానికే చాలదు. కనీస వేతనం హెచ్‌ఆర్‌ఏతో నింపేది కాదు, బేసిక్, వీడీఏ కలిపి అక్కడికి చేరాలి. మీ పరిశ్రమకు, మీ జోన్‌కు ఈ ఏడాది నోటిఫికేషన్ తీసి చూడండి. మా ఆఫీసులో ఈ సంగతి తనిఖీకి వచ్చినాయన చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. ఏడాదిన్నర తేడా లెక్కలు మళ్లీ వేశాం, దాంతో నా దసరా పోయింది.

జీతాల_మాస్టారు
రాణిగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ముందే అనాల్సింది. కాబట్టి ఆ అబ్బాయి జీతాన్ని బేసిక్, వీడీఏ 15,000, హెచ్‌ఆర్‌ఏ 5,000 అని విడగొట్టడం మేలు. స్పెషల్ అలవెన్స్ అన్న మాటే వద్దు. చిత్రం ఏమిటంటే పీఎఫ్‌కు మారేదేమీ ఉండదు, అటు చూసినా 15,000, ఇటు చూసినా 15,000.

ఇప్పుడు లెక్క:

గ్రాస్ 20,000
యజమాని పీఎఫ్ 1,800
ఈడీఎల్‌ఐ 75
నిర్వహణ చార్జీ 75
ఈఎస్‌ఐ 650
మొత్తం 22,600

నీ 21,850 కాదు, షీట్ 22,992 కాదు. బాబాయ్ 24,550 కూడా కాదు.

మెస్_బాబాయ్_మడివాళ
మాస్టారూ, నేను చలాన్ కట్టేవాడిని. నా బ్యాంకులోంచి 3,750 పోతోంది. 800 పోతోంది. కళ్లతో చూస్తున్నదాన్ని కాదంటారా?

జీతాల_మాస్టారు
పోతోంది బాబాయ్, ఎవరు కాదన్నారు. కానీ ఆ కుర్రాడికి 20,000 చేతిలో పెడుతున్నారా?

మెస్_బాబాయ్_మడివాళ
లేదు, కటింగ్ ఉంటుందిగా.

జీతాల_మాస్టారు
ఆ కటింగే ఇక్కడ రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. చలాన్‌లో 25 శాతంలో 12 ఉద్యోగిది, అతని 20,000లోంచి తీసినదే. 4 శాతం ఈఎస్‌ఐలో 0.75 అతనిదే. పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 150 తీస్తే అతని చేతికి 18,050. ఇప్పుడు మీ బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రకారమే కూడండి. జీతం 18,050, పీఎఫ్ చలాన్ 3,750, ఈఎస్‌ఐ చలాన్ 800. ఎంతొచ్చింది?

మెస్_బాబాయ్_మడివాళ
22,600.

సరే, ఒప్పుకున్నాను. మొన్న ఒక ఆఫీసు క్యాంటీన్ కాంట్రాక్టు రేటు ఎక్కువైందని చేజారింది. ఇప్పుడు అర్థమైంది ఎందుకో.

రాజాజీనగర్_రాణి
పద్దులూ, ఈ బాబాయ్ పద్ధతినే నెలాఖరు పరీక్షగా పెట్టుకో. బ్యాంకులోంచి పోయిన మూడు మొత్తాలూ కూడితే నీ షీట్‌లో వచ్చిన మొత్తం రావాలి. రాకపోతే ఎక్కడో ఉద్యోగి వాటా, యజమాని వాటా కలిసిపోయాయి. నేను అలాగే చూస్తాను. ఈఎస్‌ఐ పైసలు పై రూపాయికి ఎక్కుతాయి కాబట్టి మనిషికి రూపాయి అటూ ఇటూ రావచ్చు, దానికి గుండెలు బాదుకోనక్కర్లేదు.

విజయనగర్_వీరన్న
నాదొక ప్రశ్న, ఇక్కడే అడుగుతున్నా. నా పీఎఫ్ పాస్‌బుక్‌లో నా వాటా 1,800 పడుతోంది, కంపెనీ వాటా 550 మాత్రమే. మాస్టారు చెప్పినట్టు కంపెనీ 1,800 కట్టాలి కదా? నెలకు 1,250 నొక్కేస్తున్నారా? మూడేళ్లకు 45,000. రేపు హెచ్‌ఆర్‌ను నిలదీస్తాను.

జీతాల_మాస్టారు
ఆగు వీరన్నా, నిలదీయకు. పాస్‌బుక్‌లో పక్క గడి చూడు, పెన్షన్ అని ఉంటుంది. అందులో 1,250 ఉందా?

విజయనగర్_వీరన్న
ఉంది.

జీతాల_మాస్టారు
కంపెనీ ఇచ్చే 1,800లో 15,000 మీద 8.33 శాతం పెన్షన్ పథకానికి పోతుంది. అదే 1,250. మిగిలిన 550 నీ పీఎఫ్ ఖాతాలో పడుతుంది. కంపెనీకి పడే ఖర్చు 1,800 లో మార్పు లేదు, అది ఏ గంపలో పడిందన్నదే తేడా.

విజయనగర్_వీరన్న
హమ్మయ్య. మెయిల్ టైప్ చేసి పెట్టుకున్నా, అదీ డైరెక్టర్‌ను కూడా కాపీలో పెట్టి.

మైలాపూర్_మామ
చెన్నై నుంచి. మా అన్న కొడుకు ఒక చిన్న డిజైన్ ఆఫీసు పెట్టాడు, నలుగురే. 20 మంది లేకపోయినా స్వచ్ఛందంగా పీఎఫ్ తీసుకున్నాడు. పైన మాస్టారు ఒక మనిషికి నిర్వహణ చార్జీ 75 అన్నారు. మావాడికి నలుగురికి 300 రావాలి, చలాన్‌లో 500 వస్తోంది. వాడు సాఫ్ట్‌వేర్ తప్పు అంటున్నాడు.

జీతాల_మాస్టారు
తప్పు కాదు మామా. ఆ 0.50 శాతానికి కింద ఒక అడుగు ఉంది, సంస్థ మొత్తానికి నెలకు కనీసం 500. మొత్తం పీఎఫ్ వేతనాలు లక్ష దాటేదాకా ఈ 500 కట్టాల్సిందే. మీవాడికి మనిషికి 125 పడుతోంది. పద్దులమ్మ దగ్గర 28 మంది కాబట్టి ఆమెకు ఈ గొడవ లేదు.

మైలాపూర్_మామ
సరి. ఇంకోటి, వాడు ప్రొఫెషనల్ టాక్స్ కూడా కంపెనీ ఖర్చులో వేశాడు.

రాజాజీనగర్_రాణి
అది ఉద్యోగి జీతంలోంచి తీసేదండీ, కంపెనీ ఖర్చు కాదు. చెన్నైలో ఆరు నెలలకోసారి. కర్ణాటకలో నెలనెలా, 25,000 లేదా ఆపైన జీతం ఉంటేనే, కాబట్టి పద్దుల సూపర్‌వైజర్‌కు అసలు లేనే లేదు.

కోరమంగళ_కోడర్
నాకు ఒకటి అర్థం కాదు. నా ఆఫర్ లెటర్‌లో సీటీసీ అని ఒక పెద్ద అంకె రాసి, అందులోనే యజమాని పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ ఇరికించారు. అంటే కంపెనీ వాటా కూడా నా జేబులోంచే కదా? ఇది చెల్లుతుందా?

జీతాల_మాస్టారు
యజమాని తన వాటాను ఉద్యోగి వేతనంలోంచి కోయకూడదు, ఆ మాట స్పష్టంగా ఉంది. కానీ చేరకముందే "మొత్తం ఇంత, అందులో మా వాటా ఇంత, నీ గ్రాస్ ఇంత" అని రాసిస్తే అది కోత కాదు, బేరం. పోగా మిగిలినదే గ్రాస్.

రాజాజీనగర్_రాణి
మాస్టారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. 20,000 జీతం అని నోటిమాటగా చెప్పి తీసుకొచ్చి, చేరాక "అది సీటీసీ" అని 17,500 గ్రాస్ చేతిలో పెట్టే చోట్లు ఎన్నో చూశాను. కాగితం మీద బేరం, మనిషికి మాత్రం కోతే.

జీతాల_మాస్టారు
అది మోసం. నేను చెప్పింది రాతపూర్వకంగా ముందే చూపించిన చోట.

రాజాజీనగర్_రాణి
పీణ్యాలో ప్యాకింగ్ కుర్రాడికి ఎవరు రాతపూర్వకంగా చూపిస్తున్నారండీ?

పీణ్యా_పద్దులు
మా దగ్గర గ్రాస్ చెప్పే తీసుకుంటారు, ఆ గొడవ లేదు. మీరిద్దరూ పోట్లాడుకోకండి, నాకు ఇంకా ప్రశ్నలున్నాయి 🙏

22,600 ఓనరుకు చూపించాను. ఆయన "గ్రాట్యుటీ, బోనస్ ఏవీ?" అన్నారు. క్లయింట్‌కు ఇచ్చే కొటేషన్‌లో అవి వెయ్యాలా?

జీతాల_మాస్టారు
వెయ్యాలి, కానీ వేరే వరుసలో. పైన లెక్క ప్రతి నెలా 15వ తేదీలోపు నిజంగా కట్టేది. ఇవి తర్వాత వచ్చేవి.

గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా తీసుకుని. 15,000ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే 8,654. నెలకు 721. సీటీసీ కాగితాల మీద 4.81 శాతం అని కనిపించేది ఇదే. ఐదేళ్లు నిండకుండా వెళ్తే మామూలుగా రాదు కాబట్టి చాలామంది దీన్ని కొటేషన్‌లో వదిలేస్తారు. మీ కుర్రాడికి ఇప్పటికే మూడేళ్లు నిండాయి, ఇంకో రెండేళ్లే.

ఇంకో మెలిక. గ్రాట్యుటీ చివరి వేతనం మీద, మొత్తం సర్వీసుకు. ఇప్పుడు బేసిక్ వెయ్యి పెంచారంటే ముందు గడిచిన మూడేళ్లకూ కలిపి 1,731 రూపాయల బాధ్యత ఆ ఒక్క సంతకంతో పెరిగింది. నెల షీట్‌లో అది ఎక్కడా కనపడదు.

పీణ్యా_పద్దులు
ఇది నాకు అస్సలు తట్టలేదు. బోనస్?

రాజాజీనగర్_రాణి
బేసిక్, వీడీఏ 21,000 లోపు కాబట్టి చట్టబద్ధ బోనస్ ఉంటుంది. కనీసం 8.33 శాతం. దేని మీద అన్నదానికే తగవు. 7,000 లేదా మీ పరిశ్రమ కనీస వేతనం, ఏది ఎక్కువైతే అది. ఇప్పటికీ 7,000 మీద వేసి నెలకు 583 రాసుకునే వాళ్లు బోలెడు. బెంగళూరులో కనీస వేతనం 7,000 దాటి ఎంతకాలమైంది! మీ నోటిఫికేషన్‌లో 15,000 దగ్గర ఉంటే నెలకు 1,250 పక్కన పెట్టుకోవాలి.

పీణ్యా_పద్దులు
అయితే 22,600 ప్లస్ 721 ప్లస్ 1,250, మొత్తం 24,571. ఓనరు ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నా.

మెస్_బాబాయ్_మడివాళ
నేను మొదట చెప్పింది 24,550. గుర్తు చేస్తున్నానంతే.

రాజాజీనగర్_రాణి
బాబాయ్, ఆగిపోయిన గడియారం కూడా రోజుకు రెండుసార్లు సరైన టైమ్ చూపిస్తుంది 😂

మెస్_బాబాయ్_మడివాళ
21 రూపాయలు తేడా ఉంది, అంత కూడా కాదులే.

ఊరికే కాదు, పనికొచ్చే మాట ఒకటి. నేను బోనస్‌ను దసరాకు ఇవ్వలేక నెలనెలా జీతంతో కలిపి ఇచ్చేస్తాను. తలనొప్పి లేదు.

జీతాల_మాస్టారు
తలనొప్పి ఉంది బాబాయ్, మీకు ఇంకా తెలియలేదు. రెండు నెలలకు మించిన వ్యవధిలో ఇచ్చేది ఈఎస్‌ఐ వేతనంలోకి రాదు. నెలనెలా ఇస్తే వస్తుంది. పద్దులమ్మ కుర్రాడికే 1,250 నెలనెలా ఇచ్చారనుకోండి, వేతనం 21,250 అవుతుంది. 21,000 పరిమితి దాటింది. బోనస్ ఇచ్చే పద్ధతి మారినందుకు ఈఎస్‌ఐలోంచి మనిషే బయటకు పోతాడు. ఏడాదికోసారి ఇస్తే ఆ మెలికే లేదు.

మెస్_బాబాయ్_మడివాళ
మా దగ్గర ఎవరికీ 21 వేలు లేవు కాబట్టి సరిపోయింది. అయితే ఆ కొంచెం మీద కూడా 3.25 కడుతున్నానన్నమాట.

జీతాల_మాస్టారు
కట్టాలి. కడుతున్నారా?

మెస్_బాబాయ్_మడివాళ
సాంబారు మాడుతోంది, మళ్లీ వస్తా.

హోసూర్‌రోడ్_హరి
కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి వచ్చాయిగా, ఇవన్నీ మారిపోయాయి కదా? వేతనం సగం ఉండాలని. ఇంకా పాత లెక్కలు చెప్తున్నారేంటి?

జీతాల_మాస్టారు
మారిందేమిటో చూద్దాం. బయట పెట్టే అలవెన్స్‌లు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. ఈ కుర్రాడికి బయట ఉన్నది హెచ్‌ఆర్‌ఏ 5,000, సగానికి చాలా దూరం. ఇతని పీఎఫ్, గ్రాట్యుటీ లెక్క కదలదు. పైన వేసిన ఈఎస్‌ఐ లెక్క మాత్రం పాత చట్టం ప్రకారం, కోడ్‌లో వేతనం అర్థం మారింది కాబట్టి దాన్ని బ్రాంచ్ ఆఫీసులో అడిగి సరిచూసుకోవాలి. కోడరు లాంటివాళ్లకు గ్రాట్యుటీలో కదలవచ్చు. స్పెషల్ అలవెన్స్ అన్నది ఆ మినహాయింపుల జాబితాలోనే లేదు కాబట్టి, ఆ పేరుతో దాచే అలవాటుకు ఇది రెండో దెబ్బ.

హోసూర్‌రోడ్_హరి
మా కన్సల్టెంట్ పీఎఫ్ కూడా మొత్తం జీతం మీద కట్టాలి అంటున్నాడు.

జీతాల_మాస్టారు
15,000 పరిమితి మీద కట్టేవాళ్లకు అవసరం లేదు. పరిమితి దాటి కట్టడం ఇష్టంతో చేసేది.

హోసూర్‌రోడ్_హరి
ఆయన ఫీజు కూడా శాతం లెక్కే. ఇప్పుడు అర్థమైంది.

పీణ్యా_పద్దులు
నేను కొత్త షీట్ రాశాను, చూసి చెప్పండి. B2 గ్రాస్, C2 హెచ్‌ఆర్‌ఏ, D2 ఓవర్‌టైమ్.

```
=ROUND(MIN(B2-C2,15000)*12%,0)
=ROUND(MIN(B2-C2,15000)*1%,0)
=IF(B2+D2<=21000,ROUNDUP((B2+D2)*3.25%,0),0)
```

రాజాజీనగర్_రాణి
మూడో వరుసలో రెండు గోతులున్నాయి.

మొదటిది ఓవర్‌టైమ్. పాత ఈఎస్‌ఐ చట్టం ప్రకారం చందా లెక్కకు ఓవర్‌టైమ్ కలపాలి, కానీ 21,000 దాటాడా లేదా చూసేటప్పుడు కలపకూడదు. ఆ అబ్బాయి ఒక నెల 2,000 ఓవర్‌టైమ్ చేస్తే నీ ఫార్ములా 22,000 చూసి ఈఎస్‌ఐ సున్నా వేస్తుంది. రావాల్సింది 22,000 మీద 3.25, అంటే 715. బ్రాకెట్‌లో పరీక్ష B2 మీదే పెట్టు, గుణకారం మాత్రం రెండూ కలిపి.

రెండోది జీతం పెంపు. మీ కుర్రాడికి జూలైలో 21,500 చేశారనుకో. ఏప్రిల్–సెప్టెంబర్ ఒక చందా కాలం, అక్టోబర్–మార్చి ఇంకొకటి. కాలం మొదట్లో లోపల ఉన్నవాడు మధ్యలో పరిమితి దాటినా ఆ కాలం చివరిదాకా కట్టాల్సిందే. జూలై, ఆగస్టు, సెప్టెంబర్ 699 చొప్పున. నీ IF జూలైలోనే ఆపేస్తుంది. దీన్ని ఒక్క గడిలో రాయలేవు, కాలం మొదలైన నెల గ్రాస్ ఇంకో గడిలో పెట్టుకుని దాని మీద పరీక్ష పెట్టు.

పీణ్యా_పద్దులు
రాణిగారూ, మీకు ఎలా తెలిసిందో గానీ నిజంగానే జూలైలో పెంచే ఆలోచన ఉంది. నేను కొటేషన్‌లో ఆ నెలలు ఇలా వేశాను: జూలై నుంచి 21,500, పీఎఫ్ వగైరా 1,950, ఈఎస్‌ఐ 699, మొత్తం 24,149. అక్టోబర్ నుంచి ఈఎస్‌ఐ లేదు, 23,450. బోనస్, గ్రాట్యుటీ కాకుండా. సరిపోయిందా?

జీతాల_మాస్టారు
సరిపోయింది. మొదటి నెలన్నరకు ఇది చాలా మంచి లెక్క.

పీణ్యా_పద్దులు
థాంక్స్ మాస్టారూ. కానీ ఒక సమస్య. ఈ షీట్ చూపిస్తుంటే ఆ అబ్బాయి పక్కనే ఉన్నాడు. "అక్కా, అక్టోబర్ నుంచి ఈఎస్‌ఐ కార్డు పోతుందా? ఫిబ్రవరిలో మా ఆవిడ డెలివరీ" అన్నాడు. 1,500 పెంచితే కంపెనీకి 699 మిగులుతోంది, వాడికేమో ఆస్పత్రి పోతోంది. నాకు షీట్ మూసేయాలనిపించింది.

జీతాల_మాస్టారు
అక్టోబర్‌లో చందా ఆగగానే కార్డు చచ్చిపోదమ్మా. ఏప్రిల్–సెప్టెంబర్‌లో కట్టినదానికి ప్రయోజనం తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా ఉంటుంది. ఫిబ్రవరి అందులోకే వస్తుంది. అయినా నా మాట మీద ఉండిపోవద్దు. అతని ఇన్సూరెన్స్ నంబరుతో బ్రాంచ్ ఆఫీసులో అడిగి రాయించుకోమను. పెద్ద ఆపరేషన్లకు షరతులు వేరు.

మెస్_బాబాయ్_మడివాళ
సాంబారు అయిపోయింది. నన్నడిగితే పెంపును 21,000 దగ్గర ఆపండి. సరిగ్గా 21,000 అయితే లోపలే ఉంటాడు. మిగతా 500 ఏడాదికి 6,000, దసరాకు బోనస్‌తో కలిపి ఇవ్వండి. కార్డూ ఉంటుంది, డబ్బూ ఉంటుంది.

రాజాజీనగర్_రాణి
అతనికి నెలనెలా 500 కావాలా, దసరాకు 6,000 కావాలా అని ఎవరైనా అడిగారా? పైగా అక్టోబర్ తర్వాత కూడా ఈఎస్‌ఐ కట్టాలి కాబట్టి మీ ఓనరు కొటేషన్ మళ్లీ మారుతుంది.

మెస్_బాబాయ్_మడివాళ
21,000 మీద 683. దానికి ఆస్పత్రి వస్తుంటే నేనైతే కడతాను. బయట గ్రూప్ ఇన్సూరెన్స్ అడిగి చూశాను, ప్రసవానికి అదనం అన్నాడు.

పీణ్యా_పద్దులు
అతన్నే అడిగాను. భార్యను అడిగి సోమవారం చెప్తానన్నాడు. ఓనరు క్లయింట్‌కు శనివారమే పంపాలంటున్నారు. 24,149, 23,450 పెట్టి పంపేస్తున్నాను, 21,000 అంటే మళ్లీ మార్చుకుంటాం.